ఫిల్టర్ పది సెంటీమీటర్లంటుంది, రోబో అర మీటరు పక్కన ఉంటుంది: ఈకేఎఫ్ మీద ఒక గోడౌన్ కేసు

గోడౌన్‌లో ప్యాలెట్లు మోసే రోబో అది. దాని మీద ఒక అల్ట్రా వైడ్ బ్యాండ్ ట్యాగ్ ఉంటుంది, గోడలకూ స్తంభాలకూ యాంకర్లు బిగించి ఉంటాయి. రేడియో సిగ్నల్ వెళ్లి రావడానికి పట్టిన సమయాన్ని బట్టి ట్యాగ్‌కీ యాంకర్‌కీ మధ్య దూరం తెలుస్తుంది. మధ్యలో అడ్డం లేకపోతే ఆ దూరం దాదాపు 10 సెంటీమీటర్ల తేడాతో వస్తుంది. ఎంత దూరం కదిలిందో చక్రాల ఎన్‌కోడర్లు చెబుతాయి. ఈ రెండు రకాల సమాచారాన్నీ కలిపి రోబో ఎక్కడుందో తేల్చే పని ఎక్స్‌టెండెడ్ కల్మన్ ఫిల్టర్‌ది. వాడుకలో ఈకేఎఫ్ అంటాం.

వచ్చిన ఫిర్యాదు ఇది. రోజంతా రోబో బాగానే తిరుగుతుంది. పొద్దున స్విచ్ వేసి లోడింగ్ బే నుంచి బయల్దేరే మొదటి ట్రిప్‌లోనే ఇబ్బంది. ఫోర్కులు ప్యాలెట్ సందుల్లోకి వెళ్లకుండా అర మీటరు పక్కగా వెళ్లి చెక్కకి గుద్దుకుంటాయి. ఆ క్షణంలో స్క్రీన్ మీద ఫిల్టర్ చూపించే అనిశ్చితి మాత్రం 10 సెంటీమీటర్లే. తప్పు ఉండటం ఒక సమస్య. ఆ తప్పు గురించి ఫిల్టర్‌కి అసలు అనుమానమే రాకపోవడం అంతకంటే పెద్ద సమస్య. అనుమానం వచ్చి ఉంటే ప్యాలెట్ దగ్గరికి వెళ్లకుండా ఆగేది.

ఇలాంటప్పుడు అందరి చూపూ ముందు సెన్సార్ మీదకే పోతుంది. ఇనుప ర్యాకుల మధ్య సిగ్నల్ ప్రతిఫలించి దూరం ఎక్కువగా చూపిస్తోందేమో, యాంకర్ బిగించిన చోటు మ్యాప్‌లో తప్పుగా నమోదైందేమో, నూనె మరకల మీద చక్రం జారిందేమో. మూడూ నిజంగా జరిగేవే. కానీ ఈ మూడిటికీ ఒక సాక్ష్యం ఉంటుంది, దాని పేరు ఇన్నోవేషన్. వచ్చిన కొలతకీ, ఫిల్టర్ ముందే ఊహించిన కొలతకీ మధ్య తేడానే ఇన్నోవేషన్. సెన్సార్ అబద్ధమాడితే ఈ తేడా దాని సిగ్మాకి, అంటే మామూలుగా ఉండాల్సిన తేడాకి, రెండు మూడు రెట్లు దాటి కనిపించాలి. లాగ్ తీసి చూస్తే ఒక్కటీ దాటలేదు. ఆ మొదటి నిమిషంలో వచ్చిన ఇన్నోవేషన్లన్నీ ఒక సిగ్మా లోపలే ఉన్నాయి. కొలతలన్నీ ఊహించినట్టే వస్తున్నాయి, అంచనా మాత్రం అర మీటరు తప్పు. ఈ రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయన్నదే ఈ కేసు.

ప్రతి అడుగులో కొత్త స్పర్శరేఖ

రుడాల్ఫ్ కల్మన్ 1960లో ఇచ్చిన ఫిల్టర్ లీనియర్ వ్యవస్థలకు సంబంధించింది. స్థితి మారే తీరూ, స్థితి నుంచి కొలత వచ్చే తీరూ రెండూ మాట్రిక్స్ గుణకారాలే అయి, నాయిస్ గాసియన్ అయితే అంతకంటే మంచి అంచనా మరొకటి ఉండదు. అదే ఏడాది నాసా ఏమ్స్ కేంద్రంలో స్టాన్లీ ష్మిట్ బృందం చంద్రుడి చుట్టూ వెళ్లొచ్చే నౌకకి దారి తేల్చే లెక్కల మీద ఉంది. కక్ష్య లెక్కలు లీనియర్ కావు. ముందే గీసిపెట్టుకున్న దారి చుట్టూ లీనియరైజ్ చేస్తే, నౌక ఆ దారి తప్పినకొద్దీ లెక్క పాడవుతుంది. ష్మిట్ బృందం చేసిన మార్పు ఏమిటంటే, గీసిన దారిని వదిలేసి ఇప్పటి అంచనా చుట్టూ లీనియరైజ్ చేయడం. కొత్త కొలత వచ్చి అంచనా మారితే కొత్త చోట మళ్లీ లీనియరైజ్ చేయడం. ఈకేఎఫ్ అంటే ఇదే.

మన రోబోకి వస్తే కదలిక లీనియరే, ఎన్‌కోడర్ చెప్పినంత కలిపితే చాలు. దిశ గైరో నుంచి తెలుసు అనుకుందాం. కొలత ఒక్కటే లీనియర్ కాదు. యాంకర్‌ని మూలబిందువు అనుకుంటే `r = √(x² + y²)`. దీని జకోబియన్ `H = [x/r, y/r]`, అంటే యాంకర్ నుంచి రోబో వైపు చూపించే ఒక యూనిట్ వెక్టర్. దూరం కొలత ఆ దిక్కున మాత్రమే సమాచారం ఇస్తుందని ఈకేఎఫ్ అర్థం చేసుకుంటుంది. దానికి అడ్డంగా ఉన్న దిక్కు గురించి ఆ కొలత ఏమీ చెప్పదని అనుకుంటుంది.

నిజానికి దూరం తెలిస్తే రోబో ఒక వృత్తం మీద ఎక్కడో ఉందని మాత్రమే తెలుస్తుంది. ఈకేఎఫ్ ఆ వృత్తాన్ని వదిలేసి, ప్రస్తుత అంచనా దగ్గర దాని స్పర్శరేఖని తీసుకుంటుంది. స్పర్శరేఖ మీద కొద్ది దూరం వెళ్తే వృత్తానికీ దానికీ తేడా కనిపించదు. దూరం వెళ్లేకొద్దీ వృత్తం వంగిపోతుంది, గీత నిటారుగా పోతుంది. ఎంత దూరం వెళ్లొచ్చు అన్నదే ప్రశ్న. దానికి జవాబు తన అనిశ్చితి ఏ దిక్కున ఎంతో ఫిల్టర్ రాసుకునే కోవేరియన్స్‌లోనే ఉంటుంది.

అంకెలు పెట్టి చూద్దాం

చేత్తో లెక్కపెట్టుకునేలా అంకెలు గుండ్రం చేశాను, జ్యామితి మాత్రం ఆ బేదే. ర్యాకులు అడ్డం కావడంతో బేలో ఒక్క యాంకరే కనిపిస్తుంది. స్విచ్ వేసినప్పుడు రోబో (10, 0) దగ్గర ఉందని అనుకుంటుంది, అంటే యాంకర్‌కి ఎదురుగా 10 మీటర్ల దూరంలో. ముందు రోజు దాన్ని బేలో ఎక్కడైనా ఆపి ఉండొచ్చు కాబట్టి రెండు దిక్కుల్లోనూ సిగ్మా 3 మీటర్లు. రోబో నిజంగా ఉన్న చోటు (9.54, 3). ఇది ఊహించిన చోటికి ఒక సిగ్మా దూరం, అసాధారణం ఏమీ కాదు. నాయిస్ గొడవ అడ్డురాకుండా కొలతలు కచ్చితంగా వచ్చాయనుకుందాం. ఫిల్టర్ మాత్రం వాటి సిగ్మా 0.1 మీటరు అని నమ్ముతోంది.

మొదటి కొలత 10.00 మీటర్లు. ఫిల్టర్ ఊహించింది కూడా 10.00. ఇన్నోవేషన్ సున్నా, అంచనా కదలదు. కానీ కోవేరియన్స్ కదులుతుంది. `H = [1, 0]` కాబట్టి x దిక్కున సిగ్మా 3 మీటర్ల నుంచి 0.1 మీటరుకి పడిపోతుంది, y దిక్కున 3 మీటర్లు అలాగే ఉంటుంది. ఇప్పుడు ఫిల్టర్ చెబుతున్నది ఇది: x అంటే 10.0, తేడా వస్తే పది సెంటీమీటర్లు. నిజం 9.54. అంటే తప్పు 4.6 సిగ్మాలు.

అసలు తప్పంతా ఈ ఒక్క అప్‌డేట్‌లోనే జరిగిపోయింది. y మూడు మీటర్లు అటూ ఇటూ ఉండొచ్చని ఒప్పుకుంటూనే, x మాత్రం పది సెంటీమీటర్లు కూడా కదలదని చెప్పడం వృత్తం మీద కుదరని మాట. y మూడు మీటర్లయితే x 46 సెంటీమీటర్లు తగ్గి తీరాలి. నిజమైన సంభావ్యత అరటిపండులా వంగి ఉంటే, ఈకేఎఫ్ దాని స్థానంలో నిటారు కర్రని పెట్టింది.

ఇప్పుడు రోబో y దిక్కున 5 మీటర్లు కదిలింది. ఎన్‌కోడర్ తప్పు లేదు. అంచనా (10, 5), నిజం (9.54, 8). ఫిల్టర్ ఊహించిన దూరం 11.18, వచ్చిన దూరం 12.45. ఇన్నోవేషన్ 1.27 మీటర్లు. చాలా ఎక్కువ అనిపిస్తుంది కానీ y సిగ్మా ఇంకా 3 మీటర్లు కాబట్టి ఇన్నోవేషన్ సిగ్మా 1.35 వస్తుంది. అంటే 0.94 సిగ్మా. తేడా మరీ ఎక్కువైన కొలతల్ని ఆపే గేటు దాటి లోపలికి వచ్చేస్తుంది. అప్‌డేట్ తర్వాత అంచనా (10.01, 7.81). y దాదాపు సరైన చోటికి వచ్చింది, సిగ్మా 0.30. x మాత్రం 47 సెంటీమీటర్లు తప్పుగా ఉంది, దాని సిగ్మా 0.1 దగ్గరే ఉండిపోయింది.

మరో 5 మీటర్లు. నిజం (9.54, 13), దూరం 16.12. ఫిల్టర్ ఊహించింది 16.26. ఇన్నోవేషన్ మైనస్ 0.13, దాని సిగ్మా 0.22. ఈసారి 0.59 సిగ్మానే. అప్‌డేట్ తర్వాత అంచనా (10.03, 12.66). ఇక్కడ ఆగి చూడాలి. x తగ్గాల్సింది పోయి ఇంకాస్త పెరిగింది. బాగానే ఉన్న y కూడా నిజం కంటే 34 సెంటీమీటర్లు వెనకబడింది. మొత్తం తప్పు 50 సెంటీమీటర్ల నుంచి 60కి పెరిగింది. ఫిల్టర్ చూపించే సిగ్మాలు మాత్రం ఇంకా తగ్గి x కి 0.09, y కి 0.15 అయ్యాయి.

మూడు కొలతల్లో ఒక్క ఇన్నోవేషన్ కూడా ఒక సిగ్మా దాటలేదు. లాగ్‌లో కనిపించింది సరిగ్గా ఇదే. x గట్టిగా తెలుసని నమ్మిన ఫిల్టర్, వచ్చిన ప్రతి తేడానీ y మీదకి నెట్టేసి లెక్క సరిచేసుకుంటోంది. సరిచేసుకోవడానికి y లో చోటున్నంత కాలం ఇన్నోవేషన్‌కి ఏ లోపమూ కనబడదు.

ఎలా పట్టుకోవాలి

నిజమైన స్థానం తెలిస్తే పరీక్ష సులువు. అంచనాకీ నిజానికీ ఉన్న తేడాని ఫిల్టర్ సొంత కోవేరియన్స్‌తోనే తూచాలి: `eᵀ P⁻¹ e`. పుస్తకాల్లో దీన్ని ఎన్ఈఈఎస్ అంటారు. రెండు కొలమానాల స్థితికి దీని సగటు 2 రావాలి, నూటికి తొంభై అయిదు సార్లు 5.99 లోపు ఉండాలి. పై ఉదాహరణలో రెండో అప్‌డేట్ తర్వాత ఇది దాదాపు 33. గోడౌన్‌లో నేల మీద గీసిన గళ్ల గుర్తుల పక్కన రోబోని ఆపి, టేపుతో కొలిచి, లాగ్‌తో పోల్చి ఇదే తేల్చాం. కొలిచిన చోట్లు కొన్నే అయినా ఆ విలువలు 5.99కి దరిదాపుల్లో కూడా లేవు. దాంతో సెన్సార్ మీద అనుమానం తీరిపోయింది, ఎందుకంటే దూరం కొలతలు టేపుతో సరిపోయాయి.

నిజమైన స్థానం తెలియని చోట ఇంకో పరీక్ష ఉంది. దీన్ని చాలామంది చేయరు, చేయాలని గట్టిగా చెబుతాను. అప్‌డేట్ అయ్యాక కొత్త అంచనాతో కొలతని మళ్లీ ఊహించి, వచ్చిన కొలతతో పోల్చడమే ఆ పరీక్ష. వ్యవస్థ నిజంగా లీనియర్ అయితే మిగిలే తేడా ఇన్నోవేషన్‌ని `R/S` తో, అంటే కొలత వేరియన్స్‌ని ఇన్నోవేషన్ వేరియన్స్‌తో భాగిస్తే వచ్చేదానితో, గుణిస్తే వచ్చినంతే ఉండాలి. మన రెండో అప్‌డేట్‌లో అది 0.01 ని 1.82 తో భాగించి 1.27 తో గుణిస్తే వచ్చే 7 మిల్లీమీటర్లు. కానీ (10.01, 7.81) నుంచి యాంకర్‌కి దూరం లెక్కేస్తే 12.69 వస్తుంది, కొలత 12.45. మిగిలిన తేడా 24 సెంటీమీటర్లు. ఏడు మిల్లీమీటర్లు రావాల్సిన చోట ఇరవై నాలుగు సెంటీమీటర్లు వచ్చిందంటే, ఆ అడుగులో స్పర్శరేఖ వృత్తాన్ని వదిలేసి ఎంత దూరం పోయిందో తెలిసిపోతుంది.

ఈ పరీక్షకీ పరిమితి ఉంది. మొదటి అప్‌డేట్‌లో ఇన్నోవేషన్ సున్నా కాబట్టి ఇది ఏమీ పట్టుకోదు. మూడో అప్‌డేట్‌లో మిగిలిన తేడా 2.7 సెంటీమీటర్లు, రావాల్సింది 2.6. అక్కడ కూడా మౌనమే. హెచ్చరిక ఒక్కసారే వచ్చింది. దాన్ని లాగ్‌లో రాసి ఉంచకపోతే మళ్లీ దొరకదు. అంటే కోవేరియన్స్ ఒకసారి అన్యాయంగా కుంచించుకుపోయాక, తర్వాతి అడుగులు ఎంత లీనియర్‌గా ఉన్నా పాత తప్పు లోపలే ఉండిపోతుంది. కల్మన్ ఫిల్టర్‌కి వెనక్కి తిరిగి చూసే అలవాటు లేదు, దానికి గతమంతా అంచనా, కోవేరియన్స్ అనే రెండిటిలోనే ఉంటుంది.

మొదటి అప్‌డేట్ కంటే ముందే తెలుసుకోవాలంటే ఒక చిన్న లెక్క చాలు. యాంకర్ దిక్కుకి అడ్డంగా ఉన్న సిగ్మాని `σt` అందాం. వృత్తం స్పర్శరేఖ నుంచి పక్కకి జరిగే దూరం సుమారుగా `σt² / (2r)`. దీన్ని కొలత సిగ్మాతో పోల్చాలి. మనకి 9 ని 20 తో భాగిస్తే 0.45 మీటరు, కొలత సిగ్మా 0.1. నాలుగున్నర రెట్లు. ఈ నిష్పత్తి ఒకటికి బాగా కింద ఉంటే ఈకేఎఫ్‌ని నమ్మొచ్చు. 10 మీటర్ల దూరంలో 10 సెంటీమీటర్ల కొలతకి, అడ్డ దిక్కున సిగ్మా 1.4 మీటర్లకి చేరితేనే నిష్పత్తి ఒకటి అవుతుంది.

ఈ లెక్కలో నన్ను ఎప్పుడూ ఆకట్టుకునే విషయం, అది ఏ చోట భయం అక్కర్లేదో కూడా చెప్పడం. జీపీఎస్ కూడా దూరాలు కొలిచే పద్ధతే, అవే వృత్తాల సమీకరణాలు, కాకపోతే గోళాలు. కానీ ఉపగ్రహం 20,000 కిలోమీటర్లకి పైగా దూరంలో ఉంటుంది. మన స్థానం ఒక కిలోమీటరు తప్పుగా మొదలుపెట్టినా `σt² / (2r)` విలువ రెండున్నర సెంటీమీటర్లే. కొలత నాయిస్ మీటర్లలో ఉంటుంది కాబట్టి ఆ వంపు కనిపించనే కనిపించదు. మన నావిక్ ఉపగ్రహాలు ఇంకా ఎత్తున, దాదాపు 36,000 కిలోమీటర్ల దగ్గర ఉంటాయి, అక్కడ వంపు మరీ తక్కువ. అదే ఫిల్టర్, అదే కోడ్, ఉపగ్రహంతో బంగారంలా పనిచేసి గోడౌన్‌లో పది మీటర్ల యాంకర్‌తో దెబ్బతినడానికి కారణం ఇదే. సమీకరణం లీనియర్ కాదు అన్న ఒక్క మాటతో ఏమీ తేలదు. మన అనిశ్చితి ఎంత వెడల్పు, ఆ వెడల్పులో వంపు ఎంత, కొలత ఎంత సూక్ష్మం, ఈ మూడూ కలిపి చూడాలి. సెన్సార్ ఎంత మంచిదైతే ఇబ్బంది అంత ఎక్కువ కావడం ఇందులో విశేషం. సిగ్మా ఒక మీటరు ఉండే పాత సెన్సార్‌తో ఇదే ఫిల్టర్ నిష్పత్తి 0.45 మాత్రమే.

ఏం మారిస్తే ఏం జరిగింది

ముందుగా అందరూ సూచించేది అదే అడుగులో మళ్లీ మళ్లీ లీనియరైజ్ చేయడం. అప్‌డేట్ చేసి, వచ్చిన చోట కొత్త జకోబియన్ తీసి, అదే కొలతతో మొదటి నుంచి మళ్లీ అప్‌డేట్ చేయాలి, అంచనా కదలడం ఆగేదాకా. ఇది ఇటరేటెడ్ ఈకేఎఫ్. రెండో అడుగులో ఇది (10.00, 7.40) దగ్గర ఆగుతుంది. అక్కడ కొలతతో తేడా అర సెంటీమీటరు కూడా ఉండదు. కానీ నిజమైన y 8 కాబట్టి అది ఇప్పుడు 60 సెంటీమీటర్లు తప్పు, మామూలు ఈకేఎఫ్ కంటే ఎక్కువ. ఎన్ఈఈఎస్ 22 దగ్గర ఉంటుంది. కారణం ఆలోచిస్తే న్యాయంగానే ఉంది. ఈ పద్ధతి వృత్తాన్ని బాగా గౌరవిస్తుంది, కానీ x 10.0 అని మొదటి అడుగులో పడిన తప్పుడు నమ్మకాన్ని కూడా అంతే గౌరవిస్తుంది. మొదటి అడుగులో ఇన్నోవేషన్ సున్నా కాబట్టి అక్కడ తిరగడానికి దీనికి ఏమీ లేదు. పైగా అప్‌డేట్ తర్వాత మిగిలే తేడా అనే ఆ ఒక్క హెచ్చరికని కూడా ఇది మాయం చేసేస్తుంది. మళ్లీ లీనియరైజ్ చేయడం వల్ల అంచనా వృత్తానికి దగ్గరవుతుంది. కోవేరియన్స్ ఆకారం మాత్రం ఇంకా గీతే.

కొలత నాయిస్ `R` ని పెంచేయడం ఇంకో అలవాటు. సిగ్మా 0.1 బదులు 0.5 మీటరు అని రాస్తే మొదటి నిమిషం గట్టెక్కుతుంది. ఆ తర్వాత రోజంతా మంచి సెన్సార్‌ని చెడ్డ సెన్సార్‌లా వాడాల్సి వస్తుంది. అంతేకాదు, వంపు వల్ల వచ్చే తప్పు ఎప్పుడూ ఒకే వైపు ఉంటుంది. రోబో పక్కకి ఎటు ఉన్నా, నిజమైన దూరం ఊహించిన దానికంటే ఎక్కువే. సగటు సున్నా కాని తప్పుని నాయిస్ అని పిలిచి సరిపెట్టుకోలేం.

మేం పెట్టింది రెండో ఆర్డర్ పదం. స్పర్శరేఖతో ఆగకుండా టేలర్ శ్రేణిలో తర్వాతి పదాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. దూరం కొలతకి అది చాలా చిన్న రూపంలోకి వస్తుంది. అడ్డ దిక్కు వేరియన్స్‌ని దూరంతో భాగిస్తే వచ్చేదాన్ని `c` అందాం. ఊహించిన దూరానికి `c/2` కలపాలి, ఇన్నోవేషన్ వేరియన్స్‌కి `c²/2` కలపాలి. అంతే.

```python
r  = np.hypot(dx, dy)              # tag - anchor
H  = np.array([[dx, dy]]) / r
t  = np.array([[-dy, dx]]) / r
c  = (t @ P @ t.T).item() / r
S  = (H @ P @ H.T).item() + R + 0.5*c*c
nu = z - (r + 0.5*c)
K  = P @ H.T / S
x  = x + K[:, 0]*nu
P  = P - K @ K.T * S
```

అవే మూడు కొలతలు దీనికి ఇద్దాం. మొదటి అడుగులో `c` విలువ 0.9. ఊహించిన దూరం 10.45, ఇన్నోవేషన్ మైనస్ 0.45. x 9.57కి జరుగుతుంది, సిగ్మా 0.63. నిజం 9.54. ఫిల్టర్ ఇప్పుడు నిజాయితీగా మాట్లాడుతోంది.

రెండో అడుగు తర్వాత అంచనా (9.76, 7.23). నిజమైన y 8 కాబట్టి 77 సెంటీమీటర్ల తప్పు. ఈ ఒక్క అడుగు వరకే చూస్తే మామూలు ఈకేఎఫ్ దగ్గరగా ఉందనిపిస్తుంది, మొత్తం తప్పు అక్కడ 50 సెంటీమీటర్లు, ఇక్కడ 80. కానీ ఇది y కి చెప్పే సిగ్మా 1.4 మీటర్లు, ఎన్ఈఈఎస్ 0.3. నాకు ఇంకా తెలియదు అంటోంది, కాబట్టి రోబో ప్యాలెట్ దగ్గరికి పోదు. మూడో అడుగు తర్వాత అంచనా (9.62, 12.88), నిజం (9.54, 13). తప్పు 15 సెంటీమీటర్లు. మామూలు ఈకేఎఫ్ అప్పటికి 60 సెంటీమీటర్ల దగ్గర ఉంది. మొదట్లో తలుపు మూసేసుకోలేదు కాబట్టే తర్వాతి కొలతలు దీన్ని సరిదిద్దగలిగాయి.

`R` పెంచడానికీ దీనికీ ఉన్న తేడా అదనపు వేరియన్స్‌ని చూస్తే తెలుస్తుంది. మొదటి అడుగులో 0.405, రెండో అడుగులో 0.22, మూడో అడుగులో 0.005. కోవేరియన్స్ కుంచించుకుపోయేకొద్దీ అదే తప్పుకుంటుంది. తర్వాత రోజంతా ఫిల్టర్ మామూలు ఈకేఎఫ్‌లాగే, పూర్తి సూక్ష్మతతో నడుస్తుంది. దీనికి అదనంగా అయ్యే ఖర్చు కొన్ని గుణకారాలే.

జూలియర్, ఉల్మన్ తెచ్చిన అన్‌సెంటెడ్ ఫిల్టర్ కూడా ఇక్కడ దాదాపు ఇదే పని చేస్తుంది. జకోబియన్ తీయకుండా, కోవేరియన్స్ ప్రకారం ఎంచుకున్న కొన్ని బిందువుల్ని అసలు సమీకరణంలోంచి పంపి, వచ్చినవాటి సగటూ వేరియన్సూ తీసుకుంటుంది. మన మొదటి అడుగుకి మామూలుగా వాడే అయిదు బిందువులతో చేస్తే ఊహించిన దూరం 10.42, x సిగ్మా 0.59. కొలత సమీకరణం దూరమంత సులువుగా లేని చోట, రెండో డెరివేటివ్‌లు చేత్తో రాయడం కష్టమైన చోట నేను దీన్నే వాడతాను. దూరం కొలతకైతే పై రెండో ఆర్డర్ పదమే చాలు, కోడ్ చదివేవాడికి అది ఎందుకు ఉందో కూడా కనిపిస్తుంది.

ప్రతి అడుగులో మళ్లీ లీనియరైజ్ చేయడంలోనే ఇంకో చిక్కుంది, మ్యాప్ కూడా కట్టుకుంటూ తిరిగే రోబోల్లో అది బయటపడుతుంది. రోబో కదలకుండా నిలబడి అదే స్తంభాన్ని పదే పదే కొలుస్తోంది అనుకోండి. అంచనా నాయిస్ వల్ల కొద్దిగా కదులుతుంటుంది, దాంతో జకోబియన్ దిక్కు కూడా కొద్దిగా మారుతుంటుంది. వేర్వేరు దిక్కుల నుంచి సమాచారం వస్తోందని ఫిల్టర్ భ్రమపడి, నిజానికి ఏ కొలతా చెప్పని దిశని కూడా తెలుసుకున్నట్టు కోవేరియన్స్ తగ్గించేస్తుంది. జూలియర్, ఉల్మన్ 2001లో నిలబడి ఉన్న వాహనం ఉదాహరణతోనే దీన్ని చూపించారు. అక్కడ వాడే ఒక మందు, జకోబియన్‌ని ప్రతిసారీ కొత్త అంచనా దగ్గర కాకుండా ఆ స్తంభానికి మొదట వచ్చిన అంచనా దగ్గరే తీయడం. మా కేసులో యాంకర్ల చోటు ముందే తెలుసు కాబట్టి అంత దూరం పోలేదు.

రెండో ఆర్డర్ పదానికీ హద్దుంది. అడ్డ దిక్కు సిగ్మా దూరంలో మూడో వంతు ఉన్నప్పుడు పైన చూసినట్టు బాగా పనిచేస్తుంది. రోబో యాంకర్‌కి మూడు మీటర్ల దూరంలోనే ఉండి సిగ్మా కూడా మూడు మీటర్లయితే, నిజమైన సంభావ్యత యాంకర్ చుట్టూ సగానికి పైగా చుట్టుకున్న రింగు. సగటు, కోవేరియన్స్ అనే రెండు మాటలతో రింగుని చెప్పడం కుదరదు. సగటు రింగు లోపలి ఖాళీలో పడుతుంది, అక్కడ రోబో ఉండే అవకాశమే లేదు. ఏ రకం కల్మన్ ఫిల్టర్ వాడినా ఇదే గతి. అక్కడ పార్టికల్ ఫిల్టర్ కావాలి, లేదా వృత్తం మీద కొన్ని చోట్ల ఒక్కో ఫిల్టర్ పెట్టి, కొలతలు వచ్చేకొద్దీ పొసగని వాటిని తీసేయాలి.

బేలో ఒక మూల సరిగ్గా అలాంటిదే. స్తంభానికి బిగించిన యాంకర్ పక్కనే రోబోని ఆపేవారు. అక్కడి కోసం స్టార్టప్‌లో చిన్న మార్పు చేశాం. `σt / r` విలువ 0.4 దాటి ఉంటే ఫిల్టర్ మొదలవ్వదు. రోబో నెమ్మదిగా కొన్ని మీటర్లు కదులుతూ దూరాలూ ఎన్‌కోడర్ రీడింగులూ దాచుకుంటుంది. ఆ తర్వాత వాటన్నిటినీ ఒకేసారి తీసుకుని, వృత్తం మీద వేర్వేరు చోట్ల నుంచి మొదలుపెట్టి లీస్ట్ స్క్వేర్స్ చేస్తుంది. నేరుగా ఒకే గీత మీద నడిస్తే ఆ గీతకి రెండు పక్కలా అద్దంలో ప్రతిబింబంలా రెండు జవాబులు వస్తాయి కాబట్టి, దారిలో ఒక మలుపు తప్పనిసరిగా పెట్టాం. మలుపు తర్వాత ఒక్క జవాబే మిగిలితే దాన్నీ, దాని కోవేరియన్స్‌నీ ఫిల్టర్‌కి అప్పగిస్తుంది. రెండు మిగిలితే రెండో యాంకర్ కనబడేదాకా ప్యాలెట్ ఆర్డర్ తీసుకోదు.